మురికికీ ఒక వయసుంది

షాబాన్ నెల చివరి వారం వచ్చిందంటే మా ఇంట్లో చీపుళ్ళకూ బకెట్లకూ తీరిక ఉండేది కాదు. రమజాన్ నెలవంక కనబడేలోగా ఇల్లంతా దులిపి, కడిగి, తుడిచి ముగించాలన్నది మా అత్తయ్య కొత్తకోడలిగా వచ్చిన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆ నాలుగైదు రోజులు వంట సరిగా జరిగేది కాదు, పిల్లల చదువు సాగేది కాదు. నెలవంక కనబడిన రాత్రి సహరీకి లేవవలసిన ఆడవాళ్ళం నడుములు పట్టుకుని పడుకునేవాళ్ళం. మొదటి పది ఉపవాసాలు ఆ అలసటలోనే గడిచేవి.

మాది నరసరావుపేటలో పాతకాలపు ఇల్లు. ముందు హాలు, దానికి అటూ ఇటూ రెండు పడక గదులు, వెనుక వంటగది, పెరటివైపు స్నానాల గది, మరుగుదొడ్డి. మనుషులం ఎనిమిదిమందిమి. ఇది తోడికోడళ్ళం ఇద్దరం కలిసి రాస్తున్న వ్యాసం. మూడేళ్ళ క్రితం షాబాన్ చివరి వారంలో మాలో చిన్నామె వంటగదిలోని ఎగ్జాస్ట్ ఫ్యాను తుడవడానికి ప్లాస్టిక్ స్టూలు ఎక్కింది. కింద నేల మీద సోడా నీళ్ళు ఒలికి ఉన్నాయి. స్టూలు జారింది. మణికట్టు ఎముక విరిగి, ఆరు వారాలు కట్టుతో ఉండవలసి వచ్చింది. ఆ ఏడు రమజాన్ నెలంతా ఆమె ఎడమచేత్తోనే గడిపింది, ఈద్ నాడు సేమియా గిన్నె కూడా పట్టుకోలేకపోయింది.

కట్టుతో కూర్చున్న ఆ రోజుల్లోనే మేమొక లెక్క వేసుకున్నాం. ఆ వారంలో నాలుగు రోజులు పనిచేశాం కదా, ఏ పనికి ఎంత సమయం పట్టింది అని. జవాబు మమ్మల్నే ఆశ్చర్యపరిచింది. ఏడాదిగా ఎవరూ ముట్టుకోని బీరువాల పైభాగం పావుగంటలో శుభ్రమైంది. అరంగుళం మందాన దుమ్ము ఉన్నా, తడిగుడ్డతో రెండుసార్లు తుడిస్తే పోయింది. కాని అంతకంటే ఎంతో చిన్నదైన ఎగ్జాస్ట్ ఫ్యానుకు ఒక పూట సరిపోలేదు. స్నానాల గదిలో కొళాయిలకూ గోడలకూ మరో రోజున్నర పట్టింది. నాలుగు రోజుల్లో రెండున్నర రోజులను ఈ రెండు చోట్లే మింగేశాయి.

కారణం వెతికితే తెలిసిందేమంటే, మురికి రెండు రకాలు. ఒకటి ఎన్నాళ్ళున్నా మారనిది. బీరువా మీది దుమ్ము నెల రోజులదైనా ఏడాదిదైనా దుమ్మే. ఎక్కువవుతుంది, అంతే. రెండోది రోజులు గడిచేకొద్దీ స్వభావం మార్చుకునేది. పొయ్యి మీది నూనె ఆవిరి మొదట తడి జిడ్డుగా అంటుకుంటుంది. గాలి, వేడి తగిలే కొద్దీ అది చిక్కబడి, జిగురై, చివరకు వార్నిష్ పూతలా గట్టిపడుతుంది. అవిసె నూనె కలిపిన రంగు గోడ మీద ఆరి గట్టిపడటానికీ ఇదే కారణం. అలాగే బోరునీళ్ళలో కరిగి ఉన్న సున్నం, నీరు ఆరిపోగానే తెల్లటి పొరగా మిగులుతుంది. ఆ పొర మీద మరో పొర చేరి, కొన్ని నెలలకు రాయిగా మారుతుంది. అందుచేత, వయసు పెరిగితే గట్టిపడే మురికిని ముందుగా పట్టుకోవాలి. మారని మురికిని మన వీలును బట్టి ఆపవచ్చు. నెల పొడవునా పని పంచుకోవడంలో మాకు పనికొచ్చిన సూత్రం ఇదొక్కటే.

అయితే దీన్ని మేము మొదట్లోనే అర్థం చేసుకున్నామని చెప్పలేం. మొదటి ప్రయత్నంలో వారానికొక గది చొప్పున సమానంగా పంచాం. మొదటి వారం హాలు, రెండో వారం పడక గదులు, మూడో వారం వంటగది, నాలుగో వారం స్నానాల గది. కాగితం మీద చక్కగా ఉంది. హాలు వారంలో గంటలో పని అయిపోయి కూర్చునేవాళ్ళం. వంటగది వారంలో మాత్రం ఉదయం మొదలుపెడితే అస్ర్ నమాజు వేళకు కూడా డబ్బాలు నేల మీదే ఉండేవి. ఆ పూట వంట ఎక్కడ చేయాలి? ఒక ఆదివారం బంధువులు రావడంతో ఆ వారం పని ఆగింది. తరువాతి నెలకు అది రెండింతలై కూర్చుంది. మూడు నెలలకే ఆ కాగితాన్ని చించేశాం.

రెండోసారి గదుల్ని సమానంగా కాక, మురికి వయసును బట్టి విడదీశాం. వంటగదిని రెండు సగాలు చేశాం. పొయ్యి ఉన్న వైపు ఒకటి, సరుకులు ఉన్న వైపు ఒకటి. ఈ రెండింటినీ ఒకే రోజు ముట్టుకోం. కాబట్టి వంట ఎప్పుడూ ఆగదు. హాలునూ పడక గదులనూ కలిపి ఒకే వారంలోకి తెచ్చాం. ఆదివారం ఫజ్ర్ తరువాత కొంచెం విశ్రమించి, ఏడు గంటలకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ఆపేయాలి. ఇద్దరు మనుషులు, రెండు గంటలు, అంతకు మించి కాదు. మొదట ఇస్లామీయ నెల ప్రకారం వేద్దామనుకున్నాం. కాని మా ఇంటికి సరుకులు వచ్చేది జీతాలు అందిన తరువాత, అంటే ఇంగ్లీషు నెల మొదటి రోజుల్లో. డబ్బాలు కడగాలంటే అవి ఖాళీ అయి ఉండాలి కదా. అందువల్ల పట్టికకు ఇంగ్లీషు నెలే కుదిరింది. రమజాన్, బక్రీద్ వచ్చే వారాలను మాత్రం దాని మీద పెన్సిలుతో గుర్తుపెట్టుకుంటాం. అవి ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతాయి గనుక పెన్సిలే మేలు.

మొదటి ఆదివారం పొయ్యి వైపు. ఇందులో ఎగ్జాస్ట్ ఫ్యాను ముఖ్యం కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాం. మొదటిసారి మేము దాన్ని విప్పినప్పుడు రెక్కల మీద నల్లటి బంక పేరుకుని ఉంది. మెయిన్ స్విచ్ ఆపి, ముందుకు ఉన్న జాలీనీ రెక్కలనూ విప్పాం. మోటారును తడపలేదు. సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పైపైన తుడిచాం, అంతే. ఒక బేసినులో అయిదు లీటర్ల వేడినీళ్ళు పోసి, నాలుగు పెద్ద చెంచాల బట్టల సోడా కలిపాం. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, రెక్కల్ని అందులో అరగంట నానబెట్టాం. తరువాత కొబ్బరి పీచుతో రుద్దితే బంక ముద్దలుగా ఊడివచ్చింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. రెక్కలు ప్లాస్టిక్‌వైతే నీళ్ళు మరగకూడదు, చేయి పెట్టగలిగినంత వేడి చాలు. లేకుంటే రెక్క వంకరపోతుంది. వంకరపోయిన ఫ్యాను తిరిగేటప్పుడు గడగడలాడుతుంది. రెక్కలు అల్యూమినియంవైతే బట్టల సోడా అసలు వాడకూడదు. అది అల్యూమినియాన్ని తినేసి నల్లగా చేస్తుంది. గుర్తుపట్టడం సులభమే. ఫ్రిజ్ తలుపుకు పెట్టే అయస్కాంతం బొమ్మను తెచ్చి రెక్కకు ఆనించండి. లోహపు రెక్కే అయినా అది అంటుకోకపోతే అల్యూమినియం అయి ఉండవచ్చు. అలాంటప్పుడు గిన్నెలు తోమే సబ్బు నీళ్ళే వాడాలి. మా పెద్ద అల్యూమినియం డేగిసాను ఒకసారి ఇలాగే సోడా నీళ్ళలో వేసి నల్లబరిచి, అత్తయ్యతో చీవాట్లు తిన్నాం.

మొదటిసారి పూర్తిగా వదిలించిన తరువాత, నెలకొకసారి చేస్తే సోడా అవసరమే రాలేదు. వేడి సబ్బు నీళ్ళు, పావుగంట, అంతే. జిడ్డు వయసు తెలుసుకోవడానికి మేము ఒక వేలి పరీక్ష పెట్టుకున్నాం. ఫ్యాను జాలీ మీద వేలు పెట్టి కదపాలి. వేలు జారితే జిడ్డు లేతది, సబ్బు చాలు. వేలు అంటుకుంటే నడివయసుది, వేడినీళ్ళు కావాలి. గోటితో గీకితే గాని రాకపోతే ముదిరిపోయిందని అర్థం, ఇక సోడాయే గతి. పొయ్యి వెనుక గోడపలకలు, పై అరల అడుగుభాగం, గ్యాసు పొయ్యి కింది బండ కూడా ఇదే ఆదివారం తుడుస్తాం. అరల అడుగుభాగాన్ని చాలామంది మరచిపోతారు. ఆవిరి పైకి వెళ్ళి మొదట తగిలేది అక్కడే.

రెండో ఆదివారం స్నానాల గది, మరుగుదొడ్డి, వుజూ చేసే చోటు. మా బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. గిన్నె కడిగి ఆరబెడితే తెల్ల మరకలు మిగిలేంత. రోజుకు అయిదుసార్లు ఎనిమిదిమంది వుజూ చేసే కొళాయికి నెల తిరిగేసరికి తెల్ల గడ్డం మొలిచేది. సున్నానికి విరుగుడు పులుపు. లీటరు వేడినీళ్ళలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, అందులో పాతగుడ్డను తడిపి కొళాయికి చుట్టి అరగంట ఉంచుతాం. తరువాత పాత పళ్ళబ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళతో బాగా కడుగుతాం. నిమ్మ ఉప్పు పనిచేస్తున్నదో లేదో కంటికే కనబడుతుంది, సన్నటి బుడగలు వస్తాయి. బుడగలు ఆగిపోయినా ఇంకా తెల్లదనం ఉంటే మళ్ళీ కొత్త నీళ్ళతో చుట్టాలి. రాత్రంతా మాత్రం ఉంచకూడదు. కొళాయి మీది మెరుపు పూత దెబ్బతింటుంది. షవరు చిల్లులు మూసుకుపోయినా ఇదే వైద్యం. అదే నీళ్ళను ప్లాస్టిక్ సంచిలో పోసి షవరుకు కట్టేస్తే సరి.

అయితే ఈ పులుపుకు ఒక హద్దుంది. పల్నాడులో చాలా ఇళ్ళలో నేల నాపరాళ్ళది. మా స్నానాల గదిలోనూ అదే. నాపరాయి కూడా సున్నపురాయే. కడప బండలూ తాండూరు బండలూ ఇదే జాతి. పాలరాయీ ఇదే కోవలోకి వస్తుంది. కొళాయి మీది సున్నాన్ని కరిగించేది కింది బండనూ కరిగిస్తుందన్న మాట మాకు మొదట తట్టలేదు. దుకాణంలో సీసాల్లో అమ్మే యాసిడ్ తెచ్చి ఒక మూల పోస్తే బుస్సున పొంగింది. మురికి పోతున్నదని సంతోషించాం. ఆరిన తరువాత చూస్తే ఆ మూల నునుపు పోయి, సుద్దముక్కలా గరుకుగా తేలింది. గరుకైన చోట మురికి ఇంకా త్వరగా పడుతుంది. పాలిషు పట్టిస్తే గాని ఆ మచ్చ పోదట. ఇప్పటికీ అలాగే ఉంది. రాతి నేలకు సబ్బునీళ్ళు, గట్టి బ్రష్షు, ఓపిక తప్ప మరో మార్గం లేదు. పింగాణీ పలకల నేల అయినా, వాటి మధ్య సందుల్లోని సిమెంటును యాసిడ్ తినేస్తుంది. ఆ సందుల గుండానే నీళ్ళు గోడలోకి దిగుతాయి.

సున్నం పొర పట్టకుండా చేయడమే దీనికంటే తేలిక. చివరగా స్నానం చేసినవారు నేల మీది నీటిని వైపరుతో తోసేసి రావాలన్న నియమం పెట్టాం. నీరు నిలిచి ఆరితేనే కదా సున్నం మిగిలేది. నాలుగో వారంలో ఒక బుధవారం కొళాయిలకు మాత్రం మరోసారి పావుగంట నిమ్మ ఉప్పు పట్టిస్తాం. మా నీళ్ళకు నెలకొకసారి చాలదు. మంచి నీళ్ళు ఉన్న ఊళ్ళలో చాలవచ్చు.

ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. పాత పద్ధతిలో అన్నీ ఒకే రోజు కడిగే కాలంలో, ఒకసారి మా మరిది మరుగుదొడ్డిలో బ్లీచింగు పౌడరు చల్లి, వాసన పోలేదని దాని మీదే యాసిడ్ పోశాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది, కిటికీ చాలా చిన్నది. నిమిషం గడవకముందే గొంతు మండి, కళ్ళ నీళ్ళతో దగ్గుకుంటూ బయటపడ్డాడు. బ్లీచింగు పౌడరూ యాసిడూ కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వెలువడుతుంది. మరుగుదొడ్డి కోసం అమ్మే రంగు ద్రవాల్లో చాలావాటిలో ఉండేదీ యాసిడే. కాబట్టి వాటికీ ఇదే వర్తిస్తుంది. నిమ్మ ఉప్పునూ వెనిగర్‌నూ కూడా బ్లీచింగుతో కలపకూడదు. పొరపాటున కలిస్తే, దాన్ని కడగాలని లోపల నిలబడకుండా వెంటనే బయటకు రావాలి. తలుపు తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయేదాకా ఎవరినీ వెళ్ళనివ్వకూడదు. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పట్టికలో మేము పులుపు పనులన్నీ రెండో వారంలోనూ ఆ బుధవారంలోనూ పెట్టి, బ్లీచింగు పౌడరును మూడో వారంలో పెరటి కాలువకు మాత్రమే కేటాయించాం. ఒక డబ్బా గూట్లో ఉన్నప్పుడు రెండోది బయటకు రాదు. పని విడదీయడం వల్ల కలిగిన ఈ మేలును మేము ముందుగా ఊహించలేదు.

మూడో ఆదివారం హాలు, పడక గదులు. ఇక్కడ ఉన్నది ఎక్కువగా దుమ్మే గనుక పని తేలిక. కాని వరుస తప్పితే రెండుసార్లు చేయవలసి వస్తుంది. పై నుంచి కిందికి రావాలి. మొదట సాలెగూళ్ళు, తరువాత ఫ్యాన్లు, బీరువాల పైభాగం, కిటికీ ఊచలు, చివరకు నేల. ఫ్యాను రెక్కలకు పాత దిండు గలీబు మంచి సాధనం. రెక్కను గలీబులోకి దూర్చి, రెండు చేతులతో పైనా కిందా నొక్కుతూ వెనక్కి లాగితే దుమ్మంతా సంచిలోనే పడుతుంది, మంచం మీద రాలదు. ఎత్తు పనులన్నీ మగవాళ్ళవి. ఇనుప నిచ్చెన ఎక్కేవారు ఒకరు, పట్టుకునేవారు ఒకరు. ప్లాస్టిక్ స్టూలును ఆ పడిన నాడే పెరట్లోకి పంపించాం. ఇప్పుడు దాని మీద కరివేపాకు కుండీ ఉంది.

దూది పరుపుల్ని డాబా మీద ఎండలో రెండు వైపులా వేస్తాం. ఎండబెట్టే ముందు అంచు కుట్ల వెంట చూడటం అలవాటు చేసుకున్నాం. మిరియపు పొడి చల్లినట్లు నల్లటి చుక్కలుంటే అవి నల్లుల గుర్తు. అప్పుడు ఎండ ఒక్కటే చాలదు. దుప్పట్లనూ గలీబులనూ బాగా వేడినీళ్ళలో నానబెట్టాలి, మంచం సందుల్లో మరిగే నీళ్ళు పోయాలి, వారం తరువాత మళ్ళీ చూడాలి. నురగ పరుపుల్ని మాత్రం మండుటెండలో వదలకండి, పెళుసుబారతాయి. నీడలో గాలికి నిలబెడితే చాలు.

హాలులో తూర్పు మూలన మేము నమాజు చేస్తాం. ఆ చోటుకు దుమ్ము దులపడంతో పాటు మరో బాధ్యత కూడా ఉంది. శుభ్రంగా కనిపించడం వేరు, పాక్‌గా ఉండటం వేరు. పాకే పిల్లలున్న ఇల్లు మాది. పసివాడు నేల తడిపినప్పుడు తొందరలో తడిగుడ్డ కర్రతో లాగేసి, అదే బకెట్టులో ముంచి, మిగిలిన హాలంతా తుడిచేవాళ్ళం. ఆలోచిస్తే, ఒక మూలన ఉన్న అపవిత్రతను గదంతా పరిచినట్లే అయింది. సువాసన ద్రవం కలిపితే వాసన మారుతుంది గాని నేల పాక్ కాదు. ఇప్పుడు ఆ తడిని ముందు విడిగా ఒక పాతగుడ్డకు అద్దేస్తాం. ఆ చోట మంచినీళ్ళు పోసి, ప్రతిసారీ కడిగి పిండిన గుడ్డతో మూడుసార్లు తీస్తాం. ఆ తరువాతే మిగతా నేల. తుడిచే గుడ్డలు కూడా వేరు చేశాం. నీలం గుడ్డ హాలుకు, ఎరుపు గుడ్డ మరుగుదొడ్డి వైపుకు. ఎరుపుది గడప దాటి లోపలికి రాదు. జంబుఖానాను పెరటి గోడ మీద వేసి కర్రతో కొట్టడం, జానమాజులు ఉతకడం పిల్లల వంతు. ఖుర్ఆన్ ప్రతులున్న అరను మా మామగారు స్వయంగా పొడిగుడ్డతో తుడుస్తారు. ఆ పని ఆయన ఎవరికీ ఇవ్వరు.

నాలుగో ఆదివారం సరుకుల వైపు. అప్పటికి డబ్బాలు సగానికి పైగా ఖాళీ అవుతాయి. ఖాళీ అయినవాటినే కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెడతాం. తడి ఉన్న డబ్బాలో కొత్త పప్పు పోస్తే బూజు పడుతుంది. పాత బియ్యం మీద కొత్తవి పోయడం మానేశాం, పురుగు ఉంటే దానికి కొత్త మేత ఇచ్చినట్లవుతుంది కదా. ఫ్రిజ్‌ను కూడా ఇదే రోజు. ఈ ఆదివారం గంటన్నరకు మించదు.

కొన్ని నెలల్లో అయిదో ఆదివారం వస్తుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తాం. మొదట్లో పిండిమిల్లులో గోధుమ పోసినట్లు అందులోకి మిగిలిపోయిన పనులన్నీ పోసేవాళ్ళం. అది మంచిది కాదని తరువాత తెలిసింది. తప్పిపోయిన వారం గురించి మా నియమం ఇదీ: తప్పింది హాలు గాని, సరుకుల వైపు గాని అయితే వచ్చే నెల దాకా వదిలేస్తాం. తప్పింది పొయ్యి వైపో కొళాయిలో అయితే ఆ వారంలోనే ఏదో ఒక సాయంత్రం అరగంట తీసి చేసేస్తాం. అవి వయసు మీరనివ్వకూడనివి. నీళ్ళ ట్యాంకు, తెరలు, దుప్పట్ల పెట్టె వంటివి నెలనెలా అక్కరలేదు. నెలకు వాటిలో ఒకటి చొప్పున మూడో ఆదివారానికి చేరుస్తాం.

రమజాన్‌లో పట్టిక మారుతుంది. ఉపవాసంతో బరువు పనులు వద్దు. అయితే ఇఫ్తార్ కోసం రోజూ మూకుడు పొయ్యెక్కడం వల్ల జిడ్డు మామూలు కంటే త్వరగా పేరుకుంటుంది. అందువల్ల ఆ నెల మిగతా గదులన్నీ ఆపి, పొయ్యి వైపు మాత్రం పది రోజులకొకసారి, ఇఫ్తార్ తరువాత అరగంట చేస్తాం. బక్రీద్ వారంలో మరో రకం. ఖుర్బానీ మాంసం కోసిన చోట రక్తపు మరకలను ముందు చన్నీళ్ళతోనే కడగాలి. వేడినీళ్ళు పోస్తే రక్తం గడ్డకట్టి రాతిలోకీ గుడ్డలోకీ ఇంకిపోతుంది. రక్తం పూర్తిగా పోయిన తరువాత కొవ్వుకు వేడి సబ్బునీళ్ళు. ఈ వరుస తారుమారు చేసి రెండు మంచి చాపలు పాడుచేసుకున్న ఇల్లు మాది. కొవ్వును సింకులో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. సింకు గొట్టంలో అది చల్లారి గడ్డకడుతుంది.

ఈ పద్ధతిలో లోటు లేదని చెప్పం. అత్తయ్యకు ఇది మొదటి నుంచీ నచ్చలేదు. “ఇల్లంతా ఒక్కసారిగా మెరిస్తేనే అమ్మాయ్, శుభ్రం చేసినట్లు. మీరు ఒక గది కడిగేసరికి ఇంకో గది మాసిపోతోంది” అనేవారు. ఆమె మాట నిజమే. మా ఇల్లు ఇప్పుడు ఏ రోజూ పూర్తిగా మెరవదు. పెళ్ళిచూపుల వంటి సందర్భం వస్తే పట్టిక పక్కన పెట్టి పాత పద్ధతిలో అందరం కలిసి దిగవలసిందే. మగవాళ్ళ చేత ఆదివారం పొద్దున రెండు గంటలు పని చేయించడం కూడా ఒక్క రోజులో కుదరలేదు. మొదటి రెండు నెలలు మా వారిద్దరికీ సరిగ్గా ఏడు గంటలకే బజారులో పని గుర్తుకొచ్చేది. దైవప్రవక్త (స) తమ ఇంటి పనుల్లో తామే చేయి కలిపేవారని ఆయిషా (రజి) తెలిపిన విషయాన్ని మామగారు ఒకరోజు టిఫిను దగ్గర కొడుకుల వైపు చూడకుండానే ప్రస్తావించారు. ఆ తరువాతి ఆదివారం ఇనుప నిచ్చెన దానంతటదే హాలులోకి వచ్చింది.

ఈ ఏడు షాబాన్ చివరి వారంలో మాకు మిగిలిన పనులు తెరలు మార్చడం, జానమాజులు ఉతకడం మాత్రమే. నెలవంక కనబడిన సాయంత్రం అత్తయ్య నెమ్మదిగా వంటగదిలోకి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, పొయ్యి పక్క అర అడుగున వేలు పెట్టి చూశారు. వేలు జారింది. బొటనవేలితో రుద్ది చూసుకుని ఏమీ అనలేదు. వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి, “పడక గది కిటికీ ఊచలు మాత్రం తుడవలేదు” అన్నారు.

అవి మూడో ఆదివారానివి. ఇంకా రాలేదు.